హైటెక్స్ స్టాల్‌లో మీరడిగిన మిరపకాయ రంగు సంగతి: నా జవాబులో ఒక సవరణ

సుజాత గారికి,

నమస్కారం. మొన్న శనివారం మధ్యాహ్నం మాదాపూర్ హైటెక్స్‌లో జరిగిన ఆహార ఉత్పత్తుల ప్రదర్శనలో మా గుంటూరు మిర్చి స్టాల్ దగ్గర మీరు దాదాపు ఇరవై నిమిషాలు ఆగి మాట్లాడారు. గిన్నెలోంచి తేజ కాయ ఒకటి తీసి, చిదిమి, గింజలు అరచేతిలోకి దులుపుకుని, “ఘాటుకు లోటు లేదండీ, నాకు కావలసింది ఆవకాయ ఆరు నెలలకైనా నల్లబడకుండా ఉండటం” అన్నారు. ఆ రోజు మా స్టాల్‌కు వచ్చినవాళ్లలో ధర కంటే ముందు రంగు గురించి అడిగింది మీరొక్కరే.

నిరుటి సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉన్నది తీసుకోవచ్చా అని మీరు అడిగినప్పుడు, పక్కన మరో ఇద్దరు నిలబడి తొందరపెడుతుండటంతో, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన కాయకు రంగు ఎక్కడికీ పోదని అనేశాను. ఆ మాట సరికాదు. కాయకు ఎరుపునిచ్చే పదార్థం గాలికీ, వెలుతురుకూ, వేడికీ క్రమంగా క్షీణిస్తుంది. చల్లదనం ఆ క్షీణతను నెమ్మదింపజేస్తుందే గాని పూర్తిగా ఆపలేదు. పొడి కొట్టాక గాలి తగిలే భాగం ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి, కాయగా ఉన్నప్పటికంటే కారంగా మారాక రంగు ఇంకా త్వరగా తగ్గుతుంది. మీ ఆవకాయ పని ఏప్రిల్, మే నెలల్లో ఉంటుందన్నారు గనుక, మార్చిలో యార్డుకు వచ్చే కొత్త పంటను కాయగానే తీసుకుని, ముక్కలు కోసే వారంలోనే మీ మరలో కొట్టించుకుంటే మీకు స్టోరేజీ సరుకు అవసరమే ఉండదు. దీనివల్ల నా దగ్గర ఉన్న నిరుటి టిక్కీలు మీకు అమ్మలేకపోతాను, అయినా మీ పచ్చడికి ఇదే మంచిదని నా అభిప్రాయం.

ఘాటుకు తేజ, రంగుకు బాడిగ కలపడం గురించి అనుకున్నాం. ఏ పాళ్లలో అన్నదానికి నేను నోటికొచ్చిన లెక్క ఒకటి చెప్పాను, దాన్ని పట్టించుకోకండి. మీరు వాడే నూనె, ఉప్పు, ఆవపిండి నాకు తెలియవు. తేజ, 341, బాడిగ రకాలు కిలో చొప్పున మూడు సంచుల్లో, ఏ సంచిలో ఏముందో చీటీ కట్టి, రేపు కొరియర్‌లో మీ చర్లపల్లి యూనిట్‌కు పంపుతున్నాను. చిన్న జాడీల్లో రెండు మూడు పాళ్లలో కలిపి చూసుకుంటే, మార్చి నాటికి మీకే తేలుతుంది. మీరు మా బల్ల మీద మరచిపోయిన స్టీలు నీళ్ల సీసా కూడా అదే పెట్టెలో ఉంటుంది.

నిరుడు వేరొకరి దగ్గర కొన్న కారంలో తొడిమలు, తాలు కాయలు కలిపి కొట్టారని మీరు బాధపడ్డారు. ఆ అనుమానానికి తావు లేకుండా ఉండటానికే మేము పొడి అమ్మడం లేదు. తొడిమ తీయిస్తే కూలి పడుతుంది, తూకమూ తగ్గుతుంది. అందువల్ల తొడిమతో ఉన్న కాయ ధర, తొడిమ తీసిన కాయ ధర విడివిడిగా రాసి పంపుతాను. స్టాల్‌లో నేను చెప్పిన అంకె ఆ నాటి యార్డు ధర మాత్రమే. యార్డులో ధర రోజూ మారుతుంది కాబట్టి దాన్ని కొటేషన్‌గా భావించవద్దని మనవి.

ఇక జర్మనీలో మీ అల్లుడు గారి దుకాణానికి పంపే సరుకు సంగతి. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు మించకూడదు. కల్లంలో ఆరబోసిన కాయ సరిగా ఎండకముందే మంచుకో వానకో తడిస్తే పట్టే బూజు నుంచి వచ్చే విషం ఇది, పైకి కాయ ఎర్రగా నిగనిగలాడుతున్నా లోపల ఉండవచ్చు. అందుచేత ఇప్పుడు పంపే నమూనాకు కాక, మీరు కొనబోయే లాట్ నుంచే కాయ తీయించి, పరీక్ష నివేదిక చూశాకే సరుకు లారీ ఎక్కించమని నా సలహా. పరీక్ష ఖర్చు ఎవరు భరించాలన్నది ఆ రోజు మాట్లాడుకోలేదు. సగం మేము పెట్టుకోవడానికి సిద్ధం.

ఆవకాయకు మొత్తం ఎన్ని క్వింటాళ్లు పట్టవచ్చో, అందులో జర్మనీకి వెళ్లే భాగం ఎంతో ఉజ్జాయింపుగా ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేస్తే, ఫిబ్రవరి నెలాఖరులో రైతుల కల్లాల దగ్గరికి వెళ్లినప్పుడు మీ కోసం లాట్ విడిగా చూసి ఉంచుతాను.

ఇట్లు,
రామారావు
మిర్చి వ్యాపారి, గుంటూరు