లాటు రిజిస్టరు సాఫ్ట్‌వేర్: కొనాలా, మనమే తయారు చేసుకోవాలా?

డైరెక్టర్ల పరిశీలనకు
ఐటీ విభాగం, గుంటూరు కార్యాలయం
14 జూలై 2025

మన మూడు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి లాట్లు, బాండ్లు, అద్దె లెక్కలు ఇప్పటికీ పుస్తకాల్లోనూ ఎక్సెల్ ఫైళ్లలోనూ నడుస్తున్నాయి. వీటన్నిటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలని గత సమావేశంలో అనుకున్నాం. కొనడమే మేలని నా సిఫారసు. అయితే కింద చెప్పిన లోపం సరిచేశాకే ఒప్పందంపై సంతకం చేయాలి.

ముందుగా ఖర్చు. మనమే చేసుకుంటే 2.80 లక్షలతో అయిపోతుందన్న మాట ఆఫీసులో వినిపిస్తోంది. కొత్తగా తీసుకునే ప్రోగ్రామర్‌కు నెలకు 35,000 చొప్పున ఎనిమిది నెలల జీతం అది. ఇప్పుడున్న ప్రోగ్రామర్‌కు జీతం ఎలాగూ ఇస్తున్నాం కదా అని ఆయన 42,000 లెక్కలోకి తీసుకోలేదు. ఆయన ఖాళీగా లేరు. కాటా కంప్యూటర్లు, ట్యాలీ రిపోర్టులు ఆయన చేతిమీదే నడుస్తున్నాయి. ఇద్దరి జీతాలూ కలిపితే తయారీకే 6.16 లక్షలు. ఆ తరువాత 52 నెలలపాటు ఆయన సమయంలో సగం మరమ్మతులకే పోతుందనుకుంటే మరో 10.92 లక్షలు. అయిదేళ్లకు మొత్తం 17.08 లక్షలు.

కొంటే లైసెన్సు 4.80 లక్షలు, రెండో ఏడాది నుంచి నిర్వహణ రుసుము ఏటా 86,400, మనకు కావలసిన మార్పులకు 60,000. అయిదేళ్లకు 8,85,600 అవుతుంది. దీనిపై 18 శాతం జీఎస్టీ. మన అద్దెలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు, ఖర్చు కిందే రాసుకోవాలి. అంతా కలిపి సుమారు 10.45 లక్షలు. సర్వరు, ప్రింటర్లు ఎటువైపైనా తప్పవు కాబట్టి రెండు లెక్కల్లోనూ వేయలేదు.

ఇక లోపం సంగతి. డెమోలో మన పాత లాటు ఒకటి నమోదు చేయించాను: ఒక రైతువి 120 టిక్కీలు, తేజ రకం, బ్యాంకు రుణం ఉన్న బాండు. అందులో 70 టిక్కీలను చాంబరు నుంచి కదపకుండానే వ్యాపారికి అమ్మినట్టు చూపించమన్నాను. మన దగ్గర రోజూ జరిగే పనే ఇది. ఆ సాఫ్ట్‌వేర్ పాత బాండును రద్దు చేసి, కొత్త నంబర్లతో రెండు బాండ్లు ఇచ్చింది. పాత నంబరుతోపాటు బ్యాంకు తాకట్టు గుర్తు కూడా పోయింది. అంటే బ్యాంకు రిలీజ్ లెటరు లేకుండానే ఆ 70 టిక్కీలకు డెలివరీ ఇచ్చేయవచ్చు. మన గుమస్తాలు ఇలాంటి బాండు మీద ఎర్ర సిరాతో గీత గీసి పెడతారు. ఆ గీత చేసే పని కూడా చేయలేని సాఫ్ట్‌వేర్‌కు ఇన్ని లక్షలు ఎందుకు పెట్టాలి? మార్పు చేసి ఇస్తామని అమ్మకందారు ఒప్పుకున్నారు. అదే లాటుతో మళ్లీ పరీక్షించి, తాకట్టు నిలిచిందని చూశాకే మొదటి చెల్లింపు చేయాలి.

ఇంత లోపం కనబడ్డాక కూడా కొనమనడానికి కారణం మార్చి నెల. సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో లారీలు రాత్రంతా గేటు బయట నిలబడతాయి. అప్పుడు బాండు ప్రింటు కాకపోతే చూసేది ఎవరు? మనం రాసుకున్న సాఫ్ట్‌వేర్ అయితే ఆ ఒక్క ప్రోగ్రామరే. ఆయన పైథాన్‌లో గట్టివారు, అందులో సందేహం లేదు. కానీ ఆయన సెలవు పెట్టినా, హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం దొరికినా ఆ కోడు చదవగలిగేవారు మన దగ్గర మరొకరు లేరు. పైగా ఆగస్టులో మొదలుపెడితే ఎనిమిది నెలలు పూర్తయ్యేది సరిగ్గా ఆ మార్చి చివరికే.

అమ్మకందారు వైపు కూడా అంతా సవ్యంగా లేదు. చిన్న సంస్థ. వాళ్ల దగ్గర కొన్న ఒక కోల్డ్ స్టోరేజీ మేనేజరును అడిగితే, సీజనులో ఉదయం ఫోను చేస్తే సాయంత్రానికి పలికారని చెప్పారు. కనుక ఫిబ్రవరి నుంచి మే వరకు రెండు గంటల్లో స్పందించాలని, లేకుంటే నిర్వహణ రుసుములో కోత ఉంటుందని ఒప్పందంలో రాయించాలి. ప్రతి రాత్రీ మన డేటా మొత్తం ఎక్సెల్‌లో తెరవగలిగే రూపంలో మన సర్వరుకు చేరాలి. రేపు ఆ సంస్థ మూతపడినా లాట్ల లెక్క మన చేతిలో ఉండాలి.

ట్యాలీలోనే మార్పులు చేయిస్తే సరిపోదా అని అకౌంట్స్ వారు అడిగారు. నిల్వల వరకు నడుస్తుంది గాని తాకట్టు, పేరు మార్పిడి అందులో ఇమడవు. ఖాతాలు మాత్రం ట్యాలీలోనే ఉండాలి. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ నమోదు కావాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఆ బాధ్యతను కొత్త సాఫ్ట్‌వేర్ మీద పెట్టడం అనవసరం. అద్దె మొత్తాలు రోజుకోసారి ట్యాలీలోకి వెళ్లే చిన్న లంకెను మన ప్రోగ్రామరే రాయగలరు. సొంతంగా చేసుకోవలసింది అంతవరకే.

గుమస్తాల్లో ఎక్కువమందికి ట్యాలీ అలవాటే కాబట్టి శిక్షణ గురించి పెద్దగా బెంగ లేదు. తెర మీద తెలుగు పేర్లు సరిగా కనబడాలని మాత్రం వాళ్లు గట్టిగా అడిగారు. డెమోలో ఒత్తులు చెదిరిపోయాయి. దాన్నీ మార్పుల జాబితాలో చేర్చాను.

జూలై 31లోగా ఆమోదం తెలిపితే ఆగస్టులో మార్పులు మొదలుపెట్టించి, నిల్వలు తగ్గే నవంబరులో ముందుగా ఒక్క కోల్డ్ స్టోరేజీలో అమలు చేస్తాం. జనవరి నెలాఖరు వరకు అక్కడ పుస్తకాలు కూడా రాయిస్తాం. రెండు లెక్కలూ కలిస్తేనే మిగిలిన రెండు చోట్లా పెడతాం.