వాతావరణ మార్పు ఒక్క చాప్టర్‌తో అయిపోయే పాఠం కాదు

సైన్స్ పుస్తకం చివర్లో ఒక చాప్టర్, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న, అంతటితో సరి. ఇలా చెప్తే పిల్లల బుర్రకెక్కేది ఏమీ ఉండదు. హవాయిలోని మౌనా లోవా అనే అగ్నిపర్వతం మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తున్నారు, అప్పట్లో పది లక్షల పాళ్లకు 315 దాకా ఉన్నది ఇప్పుడు 420 దాటింది. ఆ అంకెలు లెక్కల క్లాసులో ఇచ్చి గ్రాఫ్ గీయిస్తే, గీత ఏటా మొక్కలు పెరిగే కాలంలో కాస్త దిగి మళ్లీ అంతకంటే పైకి పోవడం వాళ్లే కనిపెడతారు, ఎందుకని వాళ్లే అడుగుతారు. సోషల్‌లో ఎవరు ఎక్కువ పొగ వదిలారు, ఎవరు ఎక్కువ నష్టపోతున్నారు అని చర్చ పెట్టొచ్చు, భాషా పాఠంలో అర్జీ రాయించొచ్చు. కాకపోతే ముందు టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, సిలబస్‌లో కొంత తగ్గించాలి.

2018 ఆగస్టులో గ్రెటా థన్‌బర్గ్ అనే స్కూలు అమ్మాయి వాతావరణ మార్పును ఆపడానికి ఏదైనా చేయండంటూ స్వీడన్ పార్లమెంటు ముందు ఒంటరిగా కూర్చుంది, అప్పుడామెకు 15 ఏళ్లు. ఏడాది తిరిగేసరికి ఎన్నో దేశాల్లో లక్షల మంది పిల్లలు రోడ్డెక్కారు. కాబట్టి వాళ్లను మొక్క నాటి ఫొటో దిగడం దగ్గరే ఆపేయకండి. స్కూలు కరెంటు బిల్లులు వాళ్ల చేతికివ్వండి, ఖాళీ గదుల్లో తిరుగుతున్న ఫ్యాన్లు లెక్కపెట్టనివ్వండి, ఆ లెక్కను యాజమాన్యం మీటింగులో వాళ్లనే చెప్పనివ్వండి, ఒప్పుకున్న మార్పు జరిగిందో లేదో మూడు నెలల తర్వాత వాళ్లనే అడగనివ్వండి.