విషయం: ఫాస్ఫోరిలేషన్ విశ్లేషణకు 7 శాంపిళ్లు (P1–P3 ద్రావణాలు, G1–G4 జెల్ ముక్కలు)

నమస్కారమండీ,

మా ప్రొటీన్‌ను కైనేజ్ ఎక్కడెక్కడ ఫాస్ఫోరిలేట్ చేస్తోందో తేల్చడానికి ఈ శాంపిళ్లు పంపుతున్నాం. ఇది BL21(DE3)లో తీసిన హిస్-ట్యాగ్ ప్రొటీన్. మొదటి మెథియోనిన్ పోయాక లెక్క ప్రకారం సగటు ద్రవ్యరాశి 31,351.4 డాల్టన్లు. ఫాస్టా ఫైలు జతచేశాను, అందులో కైనేజ్ సీక్వెన్స్ కూడా ఉంది.

P1 కైనేజ్ కలపనిది. P2లో 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు రియాక్షన్ నడిపి, 20 మిల్లీమోలార్ ఈడీటీఏతో ఆపాం. P3 అంటే P2నే బఫర్ మార్చి లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో కలిపినది. రియాక్షన్ బఫర్: 25 మిల్లీమోలార్ హెపీస్ (పీహెచ్ 7.5), 150 మిల్లీమోలార్ NaCl, 10 మిల్లీమోలార్ MgCl2, 1 మిల్లీమోలార్ ఏటీపీ, 1 మిల్లీమోలార్ డీటీటీ, 5 శాతం గ్లిసరాల్. కైనేజ్ బఫర్‌లో మామూలుగా వేసే బ్రిజ్-35 ఈసారి వేయలేదు. అది ఉంటే 44 డాల్టన్ల ఎడంతో పీకుల వరుస వచ్చి ప్రొటీన్ సిగ్నల్‌ను మింగేస్తుంది.

మూడింటినీ 10 కిలోడాల్టన్ స్పిన్ ఫిల్టర్‌లో 20 మిల్లీమోలార్ అమోనియం అసిటేట్‌లోకి నాలుగుసార్లు మార్చాం. మెంబ్రేన్‌పై ఉండే గ్లిసరిన్ పోవడానికి ఫిల్టర్‌ను ముందే కడిగాం. ఒక్కో ట్యూబులో 50 మైక్రోలీటర్లు, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము. డ్రై ఐస్‌లో వస్తాయి. దయచేసి ఒక్కసారే కరిగించండి.

వీటికి ఇంటాక్ట్ మాస్ కావాలి. ఒక్కటి గమనించండి: ఈ. కోలైలో తీసిన హిస్-ట్యాగ్‌కు గ్లూకోనాయిలేషన్ వల్ల +178, దానికి ఫాస్ఫేట్ చేరితే +258 రావచ్చు. P1లోనే +258 కనిపిస్తే, P2లోని ఆ పీకును కైనేజ్ పనిగా లెక్కవేయకండి.

G1, G2, G3 అదే వరుసలో 12 శాతం జెల్ నుంచి కోసిన బ్యాండ్లు, ఒక్కోదాంట్లో సుమారు 5 మైక్రోగ్రాములు. G4 ఖాళీ జెల్ ముక్క. కూమాసీ రంగు వేసి, 1 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాం. ఆల్కిలేషన్ చేయలేదు, డీటీటీ, అయోడోఅసెటమైడ్ తర్వాత ట్రిప్సిన్ మీరే చేయాలి.

మా అనుమానం సెరీన్ 138, థ్రియోనిన్ 141 మీద. రెండూ ఒకే పెప్టైడ్‌లో ఉన్నాయి:

```
LNDSPATLVEEK
```

ప్రోలీన్ ముందు తెగి వచ్చే y8 అయాన్ బలంగానే ఉండాలి. ఒక్క ఫాస్ఫేటే ఉన్న పెప్టైడ్‌లో y8 మారకపోతే 138, +79.966 చేరితే 141. రెండు రూపాలూ కలిసి ఉండే వీలుంది కాబట్టి వేర్వేరు రిటెన్షన్ సమయాల స్పెక్ట్రాలు చూడండి, స్కోరు ఒక్కటే నమ్మొద్దు. హెచ్‌సీడీ చాలు, ప్రోలీన్ ముందు బంధాన్ని ఈటీడీ తెంచదు, పైగా ఈ పెప్టైడ్‌కు ఎక్కువగా 2+ చార్జే. TiO2 ఎన్‌రిచ్‌మెంట్ వద్దు, ఫాస్ఫేట్ ఉన్నవి లేనివి ఎంతెంతో పోల్చాలి.

సెర్చ్‌లో కార్బమిడోమిథైల్ సిస్టీన్ ఫిక్స్‌డ్. మెథియోనిన్ ఆక్సిడేషన్, సెరీన్-థ్రియోనిన్-టైరోసిన్ ఫాస్ఫోరిలేషన్ వేరియబుల్. ఈ. కోలై ప్రొటియోమ్ కూడా కలపండి. రిపోర్టుతో పాటు రా ఫైళ్లు, 138, 141ల ఎంఎస్/ఎంఎస్ స్పెక్ట్రాలు ఇవ్వగలరు.

శాంపిళ్లలో రోగకారకాలు, రేడియోధార్మిక పదార్థాలు లేవు. P1 ఇంటాక్ట్ మాస్ సరిపోకపోతే మిగతావి నడపకుండా ఆపి ఈ మెయిల్‌కే జవాబివ్వండి, కొత్త బ్యాచ్ పంపుతాం.

ఇట్లు,
పరిశోధక విద్యార్థి,
ప్రొటీన్ బయోకెమిస్ట్రీ ల్యాబ్