మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?

(గోదాములో షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టుకి ఇంటర్వ్యూ. బల్లకి అటువైపు హెచ్‌ఆర్ మేనేజర్, గోదాము మేనేజర్.)

హెచ్‌ఆర్ మేనేజర్: ఇదే పోస్టుకి ఇంకో ఆరుగురు వచ్చారండీ. అందరికీ అనుభవం ఉంది. మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?

అభ్యర్థి: మీ ప్రకటనలో మొదటి లైనే తప్పు డిస్పాచ్‌లు తగ్గించాలని ఉంది మేడం. ఇప్పుడు నా షిఫ్ట్‌లో నెలకి 9,000 ఆర్డర్ల దాకా వెళ్తాయి. ఏప్రిల్‌లో 126 ఆర్డర్లు తప్పు సరుకుతో వెళ్లి వెనక్కొచ్చాయి. రిటర్న్ రిజిస్టర్ దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ చూస్తే, 71 తప్పులకి కారణం ఒకటే. కోడ్‌లో చివరి అంకె మాత్రమే తేడా ఉన్న సరుకులు పక్కపక్క అరల్లో ఉన్నాయి. అలాంటివి 18 జతలు దొరికాయి. వాటిని వేరే వేరే వరుసల్లోకి మార్చాం, పెట్టె మూసే ముందు స్కాన్ తప్పనిసరి చేశాం. ఆగస్టులో తప్పులు 38. మనుషులు అదే 11 మంది, కొత్తగా కొన్నది ఏమీ లేదు. ఐదు నెలల లెక్క, పార్టీల పేర్లు తీసేసి, ఈ కాగితం మీద ఉంది. ఇక్కడ చేరినా మొదటి వారం మీ రిటర్న్ రిజిస్టర్‌తోనే మొదలుపెడతాను.

గోదాము మేనేజర్: (కాగితం చూస్తూ) మేలో 119 ఉంది. అంటే మొదటి నెల తగ్గింది ఏడేనా?

అభ్యర్థి: అంతే సార్. మేలో స్కాన్ ఒక్కటే పెట్టాం, అరలు కదపలేదు. బల్లలు నాలుగు, స్కానర్లు రెండు. వెనక పెట్టెలు పేరుకుపోతుంటే, ఒకే సరుకు నాలుగు ప్యాకెట్ల ఆర్డర్ వచ్చినప్పుడు ఒకే ప్యాకెట్‌ని నాలుగుసార్లు స్కాన్ చేసి మిగతా మూడూ చూడకుండా వేసేసేవాళ్లు. బార్‌కోడ్ సరుకుకి ఒకటే కాబట్టి సిస్టమ్‌కి తేడా తెలీదు, లెక్క సరిపోయినట్టే చూపించేది. పక్కన అరగంట నిలబడితే గానీ అర్థం కాలేదు. ఇన్‌వార్డ్‌లో సరుకు దిగడం 11 గంటలకల్లా అయిపోతుంది, ఆ తర్వాత అక్కడ రెండు స్కానర్లు ఖాళీ. అవి తెచ్చుకున్నాం. పొద్దున 11 దాకా రెండు బల్లల మీదే ప్యాకింగ్, మిగతావాళ్లు పికింగ్‌లో. జూన్‌లో అరలు మార్చాక 84, జులైలో 52.

గోదాము మేనేజర్: ఇందులో మీరు స్వయంగా చేసింది ఎంత?

అభ్యర్థి: రిజిస్టర్ విడదీసింది, జతలు పట్టుకున్నది నేను. అరలు మార్చడానికి ఒక ఆదివారం గోదాము ఆపాల్సొచ్చింది, ఆ అనుమతి మా మేనేజర్ గారు ఇచ్చారు. సిస్టమ్‌లో లొకేషన్లు మార్చింది ఐటీ వాళ్లు. అక్కడ నా పొరపాటు ఒకటుంది. అరలన్నీ తిరిగి చూశాను గానీ, పికింగ్ షీట్ ఒకటి ప్రింట్ తీసి చూడలేదు. సోమవారం మూడు జతలకి పాత లొకేషనే వచ్చింది. మధ్యాహ్నం దాకా కుర్రాళ్లు ఖాళీ అరల దగ్గరికి వెళ్లి తిరిగొచ్చారు.

హెచ్‌ఆర్ మేనేజర్: టీమ్‌తో మీరు ఎలా ఉంటారు?

అభ్యర్థి: బాగుంటానని నేనే చెప్పుకుంటే ఏం బాగుంటుంది మేడం. జరిగింది చెప్తాను. స్కాన్ పెట్టాక ఒక్కో బల్ల మీద గంటకి 16 ఆర్డర్లు అయ్యేవి 13కి పడ్డాయి. ఇన్సెంటివ్ ఆర్డర్ల లెక్క మీదే ఉండేది, అందుకని ప్యాకింగ్ వాళ్లు గొడవపడ్డారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మే, జూన్ రెండు నెలలకి టార్గెట్ 13కి దించమని మేనేజర్ గారికి రాసిచ్చాను, ఒప్పుకున్నారు. ఆ రెండు నెలల్లో ప్యాకింగ్‌లో ఎవరూ మానేయలేదు.

గోదాము మేనేజర్: మాకు కోల్డ్ రూమ్ కూడా ఉంది. చేశారా?

అభ్యర్థి: చేయలేదు సార్. గడువు ముందు తీరేది ముందు పంపే పద్ధతిలో రెండేళ్లు చేశాను, అది ఇక్కడా పనికొస్తుంది. ఉష్ణోగ్రత లాగ్ రాయడం, తలుపు ఎంతసేపు తెరిచి ఉంచొచ్చన్నది నాకు కొత్త. మొదటి రెండు వారాలు ఆ షిఫ్ట్ చూసేవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఆ రెండు వారాలూ కోల్డ్ రూమ్ బాధ్యత ఒంటరిగా నాకు ఇవ్వకండి.

గోదాము మేనేజర్: ఈ కాగితం మా దగ్గర ఉంచుకోవచ్చా?

అభ్యర్థి: ఉంచుకోండి సార్. 18 జతల జాబితా వెనక పక్క ఉంది.