కుడి కాలి టిబియా ఎముక విరుగుడు: ఫాలోఅప్ రికార్డు తేదీల వారీగా (08-01-2024 నుంచి 08-04-2024 వరకు)

రోగి: 41 ఏళ్ల పురుషుడు, బరువు 68 కిలోలు. మెట్ల మీద జారి కాలు మెలిపడింది. చర్మం తెగలేదు. టిబియా నడుమ, కింది మూడో వంతులు కలిసేచోట మెలిక విరుగుడు. పక్కనున్న సన్న ఎముక ఫిబ్యులా విరగలేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, కింద దాని పని ఉంది.

ఫైల్లో ఉన్నవి: ఓపీ చీటీలు, కట్లగది రిజిస్టరు నకళ్లు, ఫిజియోథెరపీ నోట్లు, రేడియాలజీ రిపోర్టులు. దేని వరుస దానిదే. ఏ కట్టు ఉన్నప్పుడు ఏ ఫిల్ము తీశారో, దాన్ని చూసి ఎంత బరువు మోపమన్నారో ఒకచోట కనిపించదు. అందుకే ఇలా తిరగరాశాను. రోజుల లెక్క దెబ్బ తగిలిన రోజు నుంచి. కట్టు వేసిన రోజు నుంచి కాదు. ఎక్స్‌రే తేదీ అంటే ఫిల్ము తీసిన తేదీ, రిపోర్టు మీద ఉన్నది కాదు. డిగ్రీలన్నీ ఫిల్ముల మీద నేనే మళ్లీ కొలిచాను.

08-01-2024 (0వ రోజు)
ఎక్స్‌రే: ఎదురు, పక్క ఫిల్ములు, మోకాలు, చీలమండ రెండూ కనిపించేలా. లోపలికి వంపు 2 డిగ్రీలు, పొట్టితనం లేదు.
కట్టు: తొడ దాకా వెనక స్లాబ్. వాపు పెరిగే అవకాశం ఉండటంతో పూర్తి కట్టు వేయలేదు. రాత్రంతా కాలివేళ్ల కదలిక, స్పర్శ, వేళ్లు వంచితే పిక్కలో వచ్చే నొప్పి గమనించారు. కంపార్ట్‌మెంట్ లక్షణాలు లేవు.
బరువు: అసలు మోపరాదు.

13-01-2024 (5వ రోజు)
వాపు దిగింది. కట్టు 1: తొడ దాకా పూర్తి పిండి కట్టు, మోకాలు కొద్దిగా వంచి. కట్టు తర్వాతి ఎక్స్‌రేలో వంపు 3 డిగ్రీలు.
బరువు: మోపరాదు. వాకర్‌తో రెండో కాలి మీదే నడక.

18-01-2024 (10వ రోజు)
ఎక్స్‌రే లేదు, కట్టు మారలేదు. అయినా ఈ తేదీని వదలలేదు. ఫిజియోథెరపీ నోటులో ఒక వాక్యం ఉంది: వాకర్ లేకుండా రాత్రిపూట బాత్రూముకు నాలుగైదుసార్లు కట్టుకాలు ఆనించి వెళ్లానని రోగి చెప్పాడు. ఓపీ చీటీల్లో ఈ మాట ఎక్కడా లేదు.

20-01-2024 (12వ రోజు)
ఎక్స్‌రే: వంపు 8 డిగ్రీలు. ఎదురు ఫిల్ములో 5 డిగ్రీల లోపు ఉండాలన్నది మా హద్దు, కనుక ఇలా వదిలేయడానికి లేదు. పక్క ఫిల్ములో తేడా లేదు.
రాత్రి నడకే కారణమని రాయాలనిపిస్తుంది గానీ, అలా రాయలేను. ఫిబ్యులా నిలిచి ఉంటే అది బయటి వైపు దన్నుగా ఉండిపోతుంది, టిబియా లోపలికి వంగిపోవచ్చు. ఎవరూ అడుగు వేయకపోయినా ఇది జరగవచ్చు. రెండు సంగతులూ ఇక్కడ పక్కపక్కన ఉన్నాయి, అంతవరకే.

22-01-2024 (14వ రోజు)
కట్టు 1 మార్చలేదు, దిద్దారు. విరుగుడు ఎదురుగా కట్టును లోపలి వైపు నుంచి కోసి, బయటి అంచును బందులా ఉంచి, సందు తెరిచి చెక్కముక్క పెట్టి పైన పిండి చుట్టారు. కట్లగది రిజిస్టరులో దీన్ని ‘కట్టు మార్పు’ అని రాశారు. అలా లెక్కిస్తే మొత్తం కట్ల సంఖ్య తప్పుతుంది.
ఎక్స్‌రే (దిద్దాక): వంపు 3 డిగ్రీలు.
బరువు: మోపరాదు. వాకర్ తప్పనిసరి అని ఈసారి రోగి భార్యకు కూడా చెప్పినట్టు ఉంది.

29-01-2024 (21వ రోజు)
ఎక్స్‌రే: 3 డిగ్రీలే, నిలిచింది. మిగతావి మారలేదు.

12-02-2024 (35వ రోజు)
ఎక్స్‌రే: విరుగుడు చుట్టూ లేత కేలస్, వంపు 4 డిగ్రీలు.
కట్టు 2: మోకాలి చిప్ప కింది స్నాయువు మీద బరువు ఆనేలా మలిచిన మోకాలి కింది కట్టు. ఇకపై మోకాలు వంచవచ్చు.
బరువు: ఇక్కడ రికార్డు రెండు మాటలు చెబుతోంది. ఓపీ చీటీలో ‘పాదం నేలకు తాకించవచ్చు, బరువు వేయరాదు’. కట్లగది చీటీలో ‘నొప్పి ఓర్చుకున్నంత బరువు’. రోగి చేతికి వెళ్లింది రెండోది. ఫిజియోథెరపీ నోట్లను బట్టి అతను రెండు చంకకర్రలతో కొంత బరువు వేస్తూనే నడిచాడు. ఏది సరైనదో నేను తేల్చలేదు, రెండూ ఉంచాను.
ఈ కట్టు చీటీ మీద 12-03 అని ఉంది. అది చేతిపొరపాటు: 26-02 నాటి ఫిల్ములోనే మోకాలు బయట ఉన్న కట్టు నీడ కనిపిస్తోంది. ఓపీ చీటీలోని ‘ఆరు వారాలు’ కూడా తప్పు, ఇది ఐదు వారాలు.

26-02-2024 (49వ రోజు)
పిక్క కండ సన్నబడి కట్టు వదులైంది. కట్టు 3: అదే తరహా, కొత్తది. ఎక్స్‌రే: 4 డిగ్రీలు, కేలస్ పెరిగింది. రిపోర్టు మీద 28-02 ఉంది, ‘ఎడమ’ అని కూడా ఉంది. ఫిల్ము మీది గుర్తు కుడి.
బరువు: రెండు చంకకర్రలతో పావు వంతు. బాత్రూం తూకం మీద కాలు పెట్టించి 17 కిలోలు చూపించి నేర్పారు. అంతకుముందు రెండు చీటీల గొడవకు ఇదే తెర.

02-03-2024 (54వ రోజు)
పిక్కలో నొప్పి, పాదం వాపు. కట్టు తీసేసి డాప్లర్ చేశారు: సిరల్లో గడ్డ లేదు. కట్టు 4: మళ్లీ అదే తరహా. తర్వాతి ఎక్స్‌రే: 4 డిగ్రీలు. ఈ మార్పుకు కారణం డాప్లర్, కట్టు వదులు కాదు. బరువు సలహా మారలేదు.

11-03-2024 (63వ రోజు)
ఎక్స్‌రే: రెండు ఫిల్ముల్లోని నాలుగు అంచుల్లో రెండింటి మీదుగా కేలస్ వంతెన కట్టింది.
బరువు: సగం, 34 కిలోలు. ఒక వారం తర్వాత నొప్పి లేకపోతే మెల్లగా పెంచవచ్చు. కట్టు 4 కొనసాగింపు.

08-04-2024 (91వ రోజు)
కట్టు తీసి ఎక్స్‌రే: నాలుగులో మూడు అంచుల్లో వంతెన, ముందు అంచులో గీత ఇంకా ఉంది. వంపు 4 డిగ్రీలు. విరుగుడు మీద నొక్కితే నొప్పి లేదు, వంచి చూస్తే కదలిక లేదు.
కట్టు బదులు తొడుక్కునే బ్రేస్. స్నానానికి, పడకకు తీయవచ్చు.
బరువు: పూర్తిగా, ఎడమ చేతిలో చేతికర్రతో. పరుగు, గెంతు, నిచ్చెన వద్దు.
మోకాలు 110 డిగ్రీలు వంగుతోంది. చీలమండ మాత్రం బిగుసుకుంది, పాదం లంబకోణం దాటి పైకి రావడం లేదు. ఫిజియోథెరపీ మొదట దీని మీదే.

తర్వాతి ఎక్స్‌రే 29-04-2024 (112వ రోజు), ఎదురు, పక్క, బ్రేస్ లేకుండా. ఆ రోజు చూడాల్సింది ముందు అంచు. వంపును 13-01 నాటి 3 డిగ్రీలతో కాకుండా, ఈ రోజు 4 డిగ్రీలతో పోల్చాలి. నడిచేటప్పుడు విరుగుడు దగ్గర కొత్త నొప్పి వస్తే 29 దాకా ఆగకుండా రమ్మని రోగికి చెప్పాను, అతని పుస్తకంలో రాశాను.