టోకెన్ నంబర్ 214

2025 జూన్ 26, గురువారం

అమ్మ: శేఖరా లేసినావా

శేఖర్: బస్సులో ఉండా మా. ఈడ ఇంకా 5 కాలే. ఏం చేస్తా ఉండావ్

అమ్మ: తోపు కాడ ఉండా. ఎవురో మామిడికాయల మండీ మనిషి బైకులో వచ్చినాడు, మీవోడు కువైట్ నుంచి ఫోన్ చేసినాడు కిలో 3 రూపాయలకి మాట్లాడుకున్నాం రేపు కోసుకుంటాం అంటాడు. నిజమేనా

శేఖర్: అవును మా. చెప్దామనే అనుకున్యా

అమ్మ: ఎప్పుడు, కాయలు పొయినాకనా

శేఖర్: కోత కూలి వాళ్లదే, ట్రాక్టర్ వాళ్లదే. నువ్వు ఎండలో తిరిగే పని లేదు. జ్యూస్ ఫ్యాక్టరీల కాడ ట్రాక్టర్లు ఎట్ల నిలబడి ఉండాయో వీడియోలు చూసినా, రోడ్డు పొడుగునా బండ్లే, కాయలు మాగిపోయి కారిపోతా ఉండాయి, కొందరు రోడ్డు మీదే పోసేసి పోతాండారు. ఆ లైన్లో నువ్వు ఒక్కదానివే ఎట్ల నిలబడతావ్

అమ్మ: ఆయప్పని పంపించేసినా

శేఖర్: మా!

అమ్మ: మీ నాయన బిందెలతో నీళ్లు మోసి పెంచిన చెట్లు. 3 రూపాయలకి ఇస్తే ఆ మందుల షాపు అప్పు కూడా తీరదు. ఫ్యాక్టరీ 8 ఇయ్యాలంట, గవర్నమెంట్ 4 వేస్తాదంట, మొత్తం 12. మన రైతు సేవా కేంద్రం పిల్ల చెప్పింది, పాసు పుస్తకం ఆధార్ రెండూ రాసుకునింది

శేఖర్: ఆ 8 కూడా అందరూ ఇయ్యడం లేదంట మా

అమ్మ: ఇచ్చే కాడికే పోతా. ఇంకోసారి నాకు చెప్పకుండా నా తోపు బేరం పెట్టొద్దు. పనికి పో, నీళ్లు తాగు

జూన్ 27, శుక్రవారం

శేఖర్: మా ఫోన్ ఎత్తు

శేఖర్: ఈరోజు సెలవు నాకు, పొద్దున్నుంచి చేస్తా ఉండా

అమ్మ: చెట్ల కింద ఉండా నాయనా చేతులంతా సొన. పది మంది వచ్చినారు కోతకి, మునెమ్మ వాళ్ల కోడలు కూడా వచ్చింది. బెంగుళూరు కాయ ఈ సారి సైజు ఎట్లుందో ఫోటో పెడతా చూడు

శేఖర్: చూసినా. బావుండాయి

శేఖర్: ఆ మూల చెట్టేనా మా అది, నేను ఉయ్యాల కట్టినది

అమ్మ: అదే. ఈ యేడు అన్నిటికన్నా అదే కాసింది

శేఖర్: నువ్వు తిన్నావా

అమ్మ: సంగటి, చెనిగింజల ఊరిబిండి తెచ్చుకున్యా. రెడ్డెప్ప మామ ట్రాక్టరు సాయంత్రానికి వస్తాది. రోజుకి బాడుగ మాట్లాడినా, లైన్లో నిలబడిన రోజుకి సగం చాలన్నాడు

శేఖర్: ఆయప్ప నీతోనే ఉంటాడా

అమ్మ: ఉంటాడు. మునెమ్మ కూడా వస్తానంది, వాళ్ల కాయలూ మన బండిలోనే ఒక వంతు ఉండాయి

జూన్ 28, శనివారం

అమ్మ: టోకెన్ 214. లోపలికి ఇప్పుడు 131 పోతా ఉండాది

శేఖర్: ఇంకా 80 బండ్లా!! పడుకున్నావా రాత్రి

అమ్మ: బండి కిందనే పట్ట పరుచుకున్యాం. నాలుగు ఆడోళ్లం ఉండాం ఈ లైన్లో, పక్క బండి ఆమె పాకాల నుంచి వచ్చింది, ఆమె కూతురు దుబాయ్‌లో అంట. పొద్దున అందరికీ టీ పోసింది. మొగోళ్లు రాత్రంతా రేటు గురించే అరుచుకుంటా ఉండారు

శేఖర్: కాయలు ఎట్లుండాయి

అమ్మ: పైన వేపాకు కొమ్మలు కప్పి నీళ్లు చల్లినాం. కింద వరస మాగడం మొదలైంది, వాసన వస్తా ఉండాది. నువ్వేంది ఈ టైమ్‌లో, పని లేదా

శేఖర్: జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించగూడదని ఈడ రూల్ మా. రూములో పండుకోమంటారు. నిద్ర పట్టలే

అమ్మ: అంత ఎండా

శేఖర్: ఇనప రాడ్డు గ్లౌజు లేకుండా పట్టుకోలేం. అందుకే నువ్వు ఆ ఎండలో ఉంటే నాకు ఒళ్లు మండిపోతాది. నేను ఈడ కష్టపడేది నువ్వు ఆడ నీడలో కూర్చోవాలనే కదా, కిలోకి ఐదు రూపాయలు పోతే పోయినాయి అనుకున్యా, అవి నేను ఇంకో నెల ఓవర్‌టైమ్ చేస్తే వస్తాయి. ఆ చెట్లు కొట్టించేసి ఇంకేమైనా పెడదాం అని కూడా ఎన్నిసార్లు అనుకున్యానో

అమ్మ: నీ ఓవర్‌టైమ్‌తో నా కాయలకి రేటు కట్టొద్దు శేఖరా

అమ్మ: నా గాజులు బ్యాంకులో పెట్టి నిన్ను పంపించినా, నువ్వు నెలనెలా వడ్డీ కడతాండావ్, అది నాకు తెలుసు. కానీ నేను కూర్చుని తింటే ఆ గాజులు ఎప్పటికి వస్తాయి. మీ నాయన పొయినాక మూడు నెల్లు ఇంట్లోనే కూర్చున్యా కదా, అప్పుడు కన్నా ఇప్పుడే బాగుండా. తోపుకి పోతే నాకు ఆకలి అవుతాది

శేఖర్: సరే మా

శేఖర్: నంబర్ ఎంత పోయింది ఇప్పుడు

అమ్మ: 138. మిషన్ ఏదో ఆగిపోయిందంట

రాత్రి

శేఖర్: మా వాన అంట కదా చిత్తూరు పక్క

శేఖర్: మా

శేఖర్: చంద్రకి ఫోన్ చేసినా, పెద్ద టార్పాలిన్, ఇడ్లీ పార్శిల్ తీసుకుని బైకులో వస్తా ఉండాడు. రెడ్డెప్ప మామకి చెప్పు లైటు వేసి ఉంచమని, అన్ని బండ్లూ ఒకేలా ఉంటాయి వాడికి కనపడదు

అమ్మ: వచ్చినాడు. కప్పేసినాం. పక్క బండి ఆమెకి కూడా సగం పట్ట ఇచ్చినాం. ఇడ్లీ అందరం తిన్యాం. తడిసినా గానీ చల్లగా ఉండాది, భయపడొద్దు

శేఖర్: నేను మేలుకునే ఉంటా. నంబర్ మారినప్పుడల్లా పెట్టు

అమ్మ: 160

అమ్మ: 171

అమ్మ: నిద్రపో రా పొద్దున్నే డ్యూటీ

శేఖర్: పెట్టు మా

జూన్ 29, ఆదివారం

అమ్మ: లోపలికి పోయినాం!!

శేఖర్: కాటా జాగ్రత్త. ఖాళీ బండి బరువు కూడా చూసి రాసుకో

అమ్మ: రాసుకున్యా. మాగినవి తీసేసి ఇంత తగ్గిస్తాం అన్నాడు కాటా కాడ పిల్లోడు, ఎన్ని మాగినాయో ఏరి చూపించు అప్పుడు తగ్గించు అన్యా. మునెమ్మ నేను ఇద్దరం కూర్చుని ఏరినాం, వాడు చెప్పిన దాంట్లో సగం కూడా లేవు

శేఖర్: వాడేమన్నాడు

అమ్మ: ఏమీ అనలే, రాసిచ్చినాడు. స్లిప్పు ఫోటో పెడతా

శేఖర్: మునెమ్మ వంతు పోను మనది 4 టన్నుల 120 కిలోలు. 8 లెక్కన 32,960. ఆ 4 కూడా పడితే ఇంకో 16,480. 3 రూపాయలకి ఇచ్చి ఉంటే 12,360 వచ్చేది మా

అమ్మ: కోత కూలి, బాడుగ నా దుడ్డే కదా అందులో. డబ్బు చేతికి ఇయ్యలే, బ్యాంకులో వేస్తారంట, ఎప్పుడో చెప్పలే. పడినాక లెక్క వేద్దాం

శేఖర్: ఆ స్లిప్పు తడవకుండా కవర్‌లో పెట్టు. రైతు సేవా కేంద్రంలో ఒక జిరాక్స్ ఇచ్చి, అందిందని సంతకం పెట్టించుకో

అమ్మ: సరే. ఇంటికి పోయి తల మీద నీళ్లు పోసుకుని పడుకుంటా

జూన్ 30, సోమవారం

శేఖర్: లేసినావా మా

అమ్మ: ఎప్పుడో. తోపుకి వచ్చినా. రోడ్డు పక్క వరస చెట్లకి తల కొట్టించి బేనీషా అంటు కట్టిద్దాం అనుకుంటా ఉండా. అన్నీ ఒకటే రకం అయితే ప్రతి యేడూ ఆ ఫ్యాక్టరీ గేటు కాడే పడుండాల. బేనీషా అయితే తినే కాయ, ఎవురైనా కొంటారు

శేఖర్: కాపు రావడానికి రెండు మూడేళ్లు పడతాది కదా

అమ్మ: పడనీ. మిగతా వరసలు కాస్తానే ఉంటాయి. దామలచెరువు కాడ అంటు కట్టే ఆయన ఉండాడంట

శేఖర్: నంబర్ పంపు, నేను మాట్లాడతా

శేఖర్: వద్దులే. నువ్వే మాట్లాడు మా. చెట్టుకి ఎంత అడిగినాడో నాకు చెప్పు