ఇన్వర్టర్, వాటర్ ఫిల్టర్ మొరాయిస్తే ముందు ఇవి చూడండి
(రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ఇళ్లకు)

కరెంటు పోగానే ఇన్వర్టర్ బీప్‌మంటూ ఆగిపోతే లోడు ఎక్కువైనట్టు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్ ఆపి, ఇన్వర్టర్ స్విచ్ కట్టేసి, నిమిషం ఆగి వేయండి.

బ్యాకప్ పావుగంటకే అయిపోతోందా? బ్యాటరీ మూతల్లో తేలే పుల్ల ఎర్ర గీతకు దిగితే నీళ్లు తగ్గాయి. ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసి, పచ్చ గీత వరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు వద్దు, ఫిల్టర్ నీళ్లూ వద్దు: వాటిలోని లవణాలు లోపలి సీసపు పలకలను పాడుచేస్తాయి. యాసిడ్ అసలే పోయకూడదు. ఛార్జింగ్‌లో వచ్చే గ్యాస్ అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో దీపం, అగరొత్తి పెట్టకండి, దయచేసి.

ఫిల్టర్ నీళ్లు సన్నగా వస్తే బయటి గిన్నెలోని తెల్ల క్యాండిల్ చూడండి. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువైతే అది త్వరగా ఎర్రమట్టి రంగుకు తిరిగి, పూడుకుపోతుంది. ప్లగ్ తీసి, కుళాయి కట్టి, గిన్నె విప్పి కొత్త క్యాండిల్ వేయండి. గిన్నె బిగించేటప్పుడు రబ్బరు రింగు గాడిలో కూర్చోవాలి, లేదంటే కారుతుంది.

ఫిల్టర్ మోటారు ఆగకుండా తిరుగుతూ దాని ట్యాంకు నిండకపోయినా, నీళ్లు ఉప్పగా మారినా మెకానిక్‌ను పిలవండి.

కాలిన వాసన వస్తే ఏదీ విప్పకండి. మెయిన్, ఇన్వర్టర్ స్విచ్ రెండూ ఆపేయండి.